‘నుంచి... దాకా’ అని అడిగితే హ్యాష్ టేబుల్ నోరు పెగలదు

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన రోజు వెబ్‌సైట్ల మీద పడే ఒత్తిడి అంతా ఒకే రకం ప్రశ్నది. హాల్ టికెట్ నంబరు ఇస్తారు, ర్యాంకు అడుగుతారు. నంబరు ఒకటి, జవాబు ఒకటి. ఆ నంబరుకి ముందు ఎవరున్నారో వెనక ఎవరున్నారో ఎవరికీ అక్కర్లేదు.

కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి ప్రశ్న మారిపోతుంది. ధ్రువపత్రాల పరిశీలనకి ఏ రోజు ఏ ర్యాంకు నుంచి ఏ ర్యాంకు దాకా రావాలో ఒకప్పుడు పేపర్లలో పట్టికలు పడేవి. పది వేల నుంచి పన్నెండు వేల దాకా ఉన్నవాళ్లని పిలవాలి. ఫలానా కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడాలి. సమాచారం అదే, పిల్లలు వాళ్లే. కానీ మొదటి ప్రశ్న ఒక మనిషిని వెతుకుతోంది, రెండోది ఇరుగుపొరుగుని అడుగుతోంది.

ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఈ తేడా దగ్గరే ఒక పాత ఎంపిక ఎదురవుతుంది. సమాచారాన్ని హ్యాష్ టేబుల్‌లో పెట్టాలా, బ్యాలెన్స్‌డ్ సెర్చ్ ట్రీలో పెట్టాలా? ఇంటర్వ్యూల కోసం చదివేవాళ్లు ‘హ్యాష్ వేగం, ట్రీ కాస్త నెమ్మది’ అని ఒక్క ముక్కలో గుర్తుపెట్టుకుంటారు. అది అబద్ధమేమీ కాదు. అయితే ఆ వేగం ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే, దానికోసం ఏం పోగొట్టుకుంటున్నామో కూడా కనబడుతుంది.

హ్యాషింగ్ ఆలోచనని మొదట కాగితం మీద పెట్టినవాళ్లలో ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ ఒకరు. 1953 జనవరిలో కంపెనీ లోపల తిరిగిన ఒక మెమోలో ఆయన దాన్ని వివరించారు. కిటుకు చిన్నదే. వెయ్యి పేర్లని వరసగా పోల్చుకుంటూ వెతికే బదులు, పేరు మీదే ఒక లెక్క చేసి, ఆ పేరు ఏ గడిలో ఉండాలో ముందే తేల్చేయడం. దాచేటప్పుడు ఏ లెక్కో వెతికేటప్పుడూ అదే లెక్క. కాబట్టి నేరుగా ఆ గడికే వెళ్లొచ్చు. పది పేర్లున్నా పది లక్షలున్నా దాదాపు ఒకే శ్రమ.

ఈ లెక్క బాగా పనిచెయ్యాలంటే ఒక షరతు ఉంది. పేర్లు అన్ని గడుల్లోకీ సమానంగా చెదిరిపోవాలి. ‘రమ’, ‘రమణ’, ‘రమణి’ ఒకే గడిలో గుమిగూడితే ఆ గడిలో మళ్లీ ఒక్కొక్కటే పోల్చుకుంటూ వెతకాలి, మొదటికే మోసం వస్తుంది. అందుకని మంచి హ్యాష్ లెక్క దగ్గర దగ్గర పేర్లని కావాలనే దూరంగా విసిరేస్తుంది, పేకముక్కల్ని కలిపినట్టు కలిపేస్తుంది. వరస చెడగొట్టడం ఇక్కడ లోపం కాదు, హ్యాష్ వేగానికి ఆధారమే అది. అలాంటి పట్టికని పట్టుకుని ‘ర’తో మొదలయ్యే పేర్లు చెప్పమంటే, మొదటి గడి నుంచి చివరి గడి దాకా అన్నీ తెరిచి చూడ్డం తప్ప అది ఏమీ చెయ్యలేదు.

ఈ సంగతి పుస్తకంలో చదివినవాళ్లు కూడా ఒక్కోసారి బోల్తా పడతారు. కారణం, హ్యాష్ టేబుల్ అప్పుడప్పుడు వరసగా ఉన్నట్టు నటిస్తుంది. జావాలో ఈ నాలుగు ముక్కలు నడిపి చూడండి:

```java
Map<Integer,String> m = new HashMap<>();
m.put(7,"c"); m.put(3,"b"); m.put(1,"a");
System.out.println(m.keySet());  // [1, 3, 7]
m.put(17,"d");
System.out.println(m.keySet());  // [1, 17, 3, 7]
```

ఏడు, మూడు, ఒకటి అని తిరగేసి ఇస్తే ఒకటి, మూడు, ఏడు అని చక్కగా వరసలో వచ్చాయి. చూసినవాడికి ‘ఆహా, ఇదే సర్దిపెడుతోంది’ అనిపిస్తుంది. జరిగింది వేరు. జావాలో పూర్ణాంకానికి హ్యాష్ విలువ ఆ అంకే. `HashMap` మొదట పదహారు గడులతో మొదలవుతుంది, సున్నా నుంచి పదిహేను దాకా. చిన్న అంకెలు వాటి నంబరున్న గడిలోనే కూర్చుంటాయి. గడుల్ని వరసగా చదివితే అంకెలూ వరసగానే వస్తాయి. పదిహేడు వచ్చేసరికి దానికి సొంత గడి లేదు. పదహారు తీసేస్తే మిగిలేది ఒకటి కాబట్టి ఒకటో గడిలో, ‘1’ వెనకాల చేరింది. అందుకే మూడు కంటే ముందు ప్రత్యక్షమైంది.

తమాషా ఇంకా ఉంది. గడుల్లో ముప్పావు వంతు, అంటే పన్నెండు నిండాక పదమూడోది చేర్చగానే పట్టిక ముప్పై రెండు గడులకి పెరుగుతుంది. అప్పుడు పదిహేడుకి సొంత గడి దొరికి, వరస మళ్లీ బాగుపడినట్టు కనబడుతుంది. పది రికార్డులతో పరీక్షించి ‘సరిగ్గానే ఉంది’ అని పంపేసిన ప్రోగ్రాము వాడకంలోకి వెళ్లాక ఒక రోజు తప్పు చెప్పడం, మర్నాడు సరిగ్గా చెప్పడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఇలా నమ్ముకుంటారనే గో భాష తయారుచేసినవాళ్లు గట్టి మందు వేశారు. ఆ భాషలో మ్యాప్‌ని చదివిన ప్రతిసారీ ఎక్కడ మొదలుపెట్టాలో కావాలనే మార్చేస్తారు. పైథాన్‌లో 3.7 వెర్షన్ నుంచి `dict` ఒక వరసకి హామీ ఇస్తోంది. కానీ అది చేర్చిన వరస, చిన్న నుంచి పెద్దకి సర్దిన వరస కాదు. ఈ రెండింటినీ కలగలిపేసేవాళ్లు తక్కువేం లేరు.

ఇక రెండో పక్షం. సెర్చ్ ట్రీలో ప్రతి నోడ్ దగ్గరా ఒకే నియమం: తన కంటే చిన్నవి ఎడమ వైపు, పెద్దవి కుడి వైపు. వెతికేవాడు పైనున్న నోడ్‌తో పోల్చుకుని ఎడమకో కుడికో తిరుగుతాడు. ప్రతి మలుపులోనూ మిగతా సగం పక్కకి పోతుంది. పది లక్షల రికార్డులుంటే సుమారు ఇరవై పోలికల్లో పని అయిపోతుంది. హ్యాష్ ఒకటి రెండు అడుగుల్లో తేల్చేదానికి ఇక్కడ ఇరవై. బదులుగా వరస చెక్కుచెదరదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఇచ్చిన అంకెలు ముందే వరసలో ఉంటే ట్రీ ట్రీలా పెరగదు. పది, ఇరవై, ముప్పై అని పెరుగుతూ పోయే బిల్లు నంబర్లు చేర్చారనుకోండి. ప్రతిదీ ముందుదానికి కుడి పక్కనే వేలాడుతుంది. చివరికి మిగిలేది పొడుగాటి గొలుసు. పది లక్షల బిల్లులకి పది లక్షల మెట్లు. నిజజీవితంలో సమాచారం తరచుగా వరసలోనే వస్తుంది కాబట్టి ఇది అరుదుగా జరిగే ప్రమాదమేమీ కాదు.

దీనికి మందు సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. గియోర్గీ అడెల్సన్-వెల్స్కీ, యెవ్గెనీ లాండిస్ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో ప్రచురించిన పద్ధతిని వాళ్ల పేర్ల మీదుగానే ఏవీఎల్ ట్రీ అంటారు. (అడెల్సన్-వెల్స్కీ తర్వాత కాలంలో చదరంగం ఆడే ‘కయిస్సా’ ప్రోగ్రాము మీద కూడా పనిచేశారు. 1974లో జరిగిన మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో గెలిచింది అదే.) ఏ నోడ్ దగ్గరైనా ఎడమ, కుడి కొమ్మల ఎత్తు ఒక మెట్టు కంటే ఎక్కువ తేడా రాకూడదన్నది వాళ్ల నియమం. తేడా వస్తే అక్కడికక్కడే ఒక మెలి తిప్పుతారు. పది కింద ఇరవై, ఇరవై కింద ముప్పై వేలాడుతుంటే, ఇరవైని పైకి లాగి పదిని ఎడమకి, ముప్పైని కుడికి దించుతారు. మారేది రెండు మూడు లింకులే, వరస మాత్రం అలాగే ఉంటుంది. ఇలా ఎంత చేర్చినా, ఎంత తీసేసినా పది లక్షల రికార్డుల ఏవీఎల్ ట్రీ ఎత్తు ముప్పై మెట్లు దాటదు. ఇప్పుడు జావా `TreeMap`లోనూ, చాలా సీ ప్లస్ ప్లస్ కంపైలర్ల `std::map`లోనూ ఉండేది దీని దగ్గర బంధువు, రెడ్-బ్లాక్ ట్రీ. దాని నియమం కాస్త వదులు, మెలికలు తక్కువ, ఎత్తు కొంచెం ఎక్కువ. వాడేవాడికి ఆ తేడా పెద్దగా తెలియదు.

పది వేల నుంచి పన్నెండు వేల దాకా ర్యాంకులు కావాలంటే ట్రీలో పని రెండు భాగాలుగా జరుగుతుంది. ముందు పది వేలు, లేదా దాని తర్వాత ఉన్న మొదటి ర్యాంకు దగ్గరికి పై నుంచి దిగుతారు. అది ఇరవై చిల్లర అడుగులు. అక్కడి నుంచి పక్క నోడ్, దాని పక్క నోడ్ అంటూ నడుచుకుంటూ పోయి, పన్నెండు వేలు దాటగానే ఆగిపోతారు. ఆ పరిధిలో రెండు వేల మంది ఉంటే రెండు వేలూ, ఇద్దరుంటే ఇద్దరూ. మిగతా లక్షల మందిని తాకనే తాకరు. జావాలో రాయాలంటే ఒక్క వాక్యం:

```java
ranks.subMap(10000, true, 12000, true)
```

ట్రీ ఇచ్చే మరో సౌకర్యాన్ని చాలామంది పట్టించుకోరు. అడిగిన అంకె అసలు లేకపోయినా అది జవాబు చెప్పగలదు. ‘11,305 ర్యాంకు లేదు, దాని తర్వాత ఉన్నది 11,309’ అంటుంది. హ్యాష్ టేబుల్ దగ్గర ‘లేదు’ అన్న మాట తప్ప ఇంకేం దొరకదు. ‘ఇది లేకపోతే దీని పక్కది’ అనే అవసరం ఉన్నచోట అసలు పరీక్ష ఇదే.

అలాంటి చోటు చూడాలంటే షేర్ మార్కెట్‌కి వెళ్లాలి. ఫోన్లో ట్రేడింగ్ యాప్ ఉన్న ఎవరికైనా ‘మార్కెట్ డెప్త్’ అనే పట్టిక తెలిసే ఉంటుంది. ఒక పక్క కొనేవాళ్ల ఐదు మేలైన ధరలు, మరో పక్క అమ్మేవాళ్ల ఐదు మేలైన ధరలు. దాని వెనక ఉండేది ఆర్డర్ బుక్. మన ఎక్స్ఛేంజీల్లో ఆర్డర్లు కలిసే పద్ధతికి రెండు నియమాలు. ముందు ధర: తక్కువకి అమ్మేవాడికి మొదటి అవకాశం. ధర ఒకటే అయితే కాలం: ముందొచ్చిన ఆర్డరుకి ముందు చోటు.

ఒక షేరు అమ్మకాల వైపు ఇలా ఉందనుకుందాం. 512 రూపాయల 10 పైసల దగ్గర ‘అ’ అనే ఆర్డరు, 200 షేర్లు. 512.15 దగ్గర ‘ఆ’ 500 షేర్లు, దాని వెనక ‘ఇ’ 300 షేర్లు. తర్వాత 512.40 దగ్గర ‘ఈ’ 1,000 షేర్లు. ఇప్పుడు 512.20 దాకా ఇస్తానంటూ ఒకరు 600 షేర్లకి కొనుగోలు ఆర్డరు పెట్టారు.

ప్రోగ్రాముకి మొదట కావలసింది అన్నిటికంటే తక్కువ ధర. ధరల్ని ట్రీలో పెట్టి ఉంటే అది ఎడమ చివరి నోడ్, 512.10. అక్కడున్న 200 షేర్లు అమ్ముడైపోయాయి. వరస ఖాళీ అయింది కాబట్టి ఆ ధర నోడ్‌నే ట్రీలోంచి తీసేస్తారు. తర్వాతి తక్కువ ధర? పక్క నోడ్, 512.15. కొనేవాడి హద్దు 512.20 కాబట్టి ఇది లోపలే ఉంది. ‘ఆ’ నుంచి 400 తీసుకుంటే 600 పూర్తి. ‘ఆ’ దగ్గర ఇంకో వంద మిగిలాయి, ‘ఇ’ని ఎవరూ తాకలేదు.

ఇదే పనికి ధరల్ని హ్యాష్ టేబుల్‌లో పెట్టి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. 512.15 దగ్గర ఎవరున్నారని అడిగితే అది టక్కున చెబుతుంది. కానీ 512.15 కూడా ఖాళీ అయ్యాక తర్వాత ఏ ధర? దానికి తెలియదు. ఈ షేరుకి ధర ఐదు పైసల మెట్లలో కదులుతుందనుకుంటే 512.20 ఉందా, లేదు. 512.25? లేదు. 512.30, 512.35 కూడా లేవు. 512.40 దగ్గర దొరికింది. ఇక్కడ ఐదు ప్రశ్నలతో సరిపోయింది. లావాదేవీలు పలచగా ఉండే షేరులో తర్వాతి ఆర్డరు పది రూపాయల దూరంలో ఉంటే అదే ప్రశ్న రెండు వందల సార్లు అడగాలి. లేదంటే పట్టికలో ఉన్న ధరలన్నీ చదివి కనిష్ఠాన్ని ఏరుకోవాలి. సెకనుకి వేల ఆర్డర్లు వచ్చే చోట ఈ రెండూ కుదరవు.

మరి హ్యాష్‌ని పక్కన పెట్టేయడమేనా? అసలు కథ ఇక్కడే ఉంది. వందలో మిగిలిన ‘ఆ’ యజమాని మనసు మార్చుకుని ఆర్డరు రద్దు చేశాడు. రద్దు కబురు ఆర్డరు నంబరుతో వస్తుంది. ట్రీ ధర వరసలో ఉంది, నంబరు వరసలో కాదు. నంబరు పట్టుకుని ట్రీలో వెతకాలంటే ప్రతి ధర దగ్గరున్న ప్రతి ఆర్డరూ తిరగెయ్యాలి. అంటే ట్రీ కూడా తన వరస కాని ప్రశ్నకి హ్యాష్‌లాగే గుడ్డిదైపోతుంది.

అందుకే ఆర్డర్ బుక్‌లు రాసేవాళ్లు సాధారణంగా రెండూ పెట్టుకుంటారు. ఆర్డరు ఒక్కటే, దానికి దారులు రెండు. ధరలు ట్రీలో, ప్రతి ధర నోడ్ దగ్గరా వచ్చిన వరసలో ఆర్డర్ల క్యూ. పక్కన ఒక హ్యాష్ టేబుల్, ఆర్డరు నంబరు ఇస్తే ఆ క్యూలో అది కూర్చున్న చోటు నేరుగా చూపిస్తుంది. ‘ఆ’ రద్దు కాగానే హ్యాష్ ద్వారా దాన్ని పట్టుకుని క్యూలోంచి తప్పిస్తారు, ‘ఇ’ ముందుకి జరుగుతుంది. కాసేపటికి ‘ఇ’ కూడా రద్దయితే 512.15 క్యూ ఖాళీ, అప్పుడు ట్రీలోంచి ఆ నోడ్ పోతుంది. అమ్మకాల వైపు మేలైన ధర 512.40కి లేస్తుంది.

దీనికి కట్టే మూల్యం కూడా ఉంది. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసుకున్నాక రెండూ ఎప్పుడూ ఏకమాట మీద ఉండాలి. ఆర్డరుని క్యూలోంచి తీసి హ్యాష్‌లోంచి తీయడం మర్చిపోతే, అమ్ముడైపోయిన ఆర్డరుకి రద్దు కబురు వచ్చినప్పుడు ప్రోగ్రాము లేని చోటుకి చెయ్యి చాపుతుంది. పూర్తిగా అమ్ముడైనప్పుడు, రద్దయినప్పుడు, గడువు తీరినప్పుడు, ఇలా ఆర్డరు బయటికి వెళ్లే దారులన్నీ ఒకే తొలగింపు ఫంక్షన్ గుండా వెళ్లేలా రాయడం అనుభవజ్ఞుల అలవాటు. హ్యాష్‌లో ఉన్న ఆర్డర్ల సంఖ్య, క్యూలన్నిటిలో ఉన్న సంఖ్య ఒకటేనా అని పరీక్షల్లో అడుగడుక్కీ సరిచూస్తే పొరపాటు తొందరగా బయటపడుతుంది.

ఈ జోడీ మార్కెట్‌కే పరిమితం కాదు. ఆన్‌లైన్ ఆటల్లో స్కోరు పట్టికలకి బాగా వాడే రెడిస్‌లో ‘సార్టెడ్ సెట్’ అనేది ఇదే ఏర్పాటు. ఆటగాడి పేరు ఇస్తే స్కోరు చెప్పడానికి హ్యాష్ టేబుల్, స్కోరు వరసకి స్కిప్ లిస్ట్. ఈ స్కిప్ లిస్ట్‌ని విలియం ప్యూ 1990లో ప్రచురించిన వ్యాసంలో బ్యాలెన్స్‌డ్ ట్రీలకి బదులుగా ప్రతిపాదించారు. మెలికలు తిప్పే పని లేకుండా, బొమ్మా బొరుసా అన్నట్టు యాదృచ్ఛికంగా ఎత్తులు పంచి దాదాపు అదే ఫలితం రాబడుతుంది. అందులో ప్రతి లింకూ ఎన్ని మెట్లు దాటుతోందో రెడిస్ రాసుకుంటుంది కాబట్టి ‘నా స్థానం ఎన్నో’ అన్నదానికి కూడా మొదటి నుంచి లెక్కపెట్టకుండానే జవాబు వస్తుంది. మామూలు `TreeMap`లో ఆ సదుపాయం లేదు. వరస ఉంది కదా అని స్థానం కూడా చిటికెలో చెబుతుందనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ప్రతి నోడ్ కిందా ఎంతమంది ఉన్నారో విడిగా దాచుకుంటేనే అది సాధ్యం.

ఇంత చెప్పాక ‘వరస కావాలంటే ట్రీ’ అని బల్లగుద్దేయొచ్చు కదా అనిపిస్తుంది. తొందర పడకూడదు.

ఈఏపీసెట్ ర్యాంకులనే తీసుకోండి. ఒకసారి ప్రకటించాక అవి మారవు. మారని సమాచారానికి ట్రీ అనవసరపు హంగు. ర్యాంకు వరసలో సర్దిన మామూలు అర్రే చాలు. సగం సగం చేసుకుంటూ వెతికితే అదే ఇరవై పోలికలు, పైగా లింకులకి ఖర్చయ్యే మెమరీ మిగులుతుంది, పక్కపక్కన ఉన్నవాటిని ప్రాసెసర్ ఒక్క ఊపులో చదువుతుంది. అర్రేతో ఇబ్బంది మధ్యలో కొత్తది దూర్చాల్సి వచ్చినప్పుడే. అప్పుడు వెనకున్న లక్షల్ని ఒక్కో గడి జరపాలి. చేర్పులు, తీసివేతలు జరుగుతుండగానే వరస ప్రశ్నలు కూడా వస్తుంటే, అప్పుడు ట్రీ తన కూలి తాను రాబట్టుకుంటుంది.

రోజంతా హ్యాష్ ప్రశ్నలే వచ్చి, రాత్రికి ఒక్కసారి వరసలో నివేదిక ముద్రించాలంటే కూడా ట్రీ అక్కర్లేదు. పది లక్షల రికార్డుల్ని సర్దడానికి సుమారు రెండు కోట్ల పోలికలు. ఈనాటి మామూలు కంప్యూటర్‌కి అది చిన్న పని. ఆ ఒక్క నివేదిక కోసం పగలంతా ప్రతి ప్రశ్ననీ నెమ్మది చేసుకోవడం తెలివైన బేరం కాదు.

ఆర్డర్ బుక్‌లో కూడా ఒక మినహాయింపు ఉంది. రోజుకి పది శాతం సర్క్యూట్ హద్దు ఉన్న షేరు నిన్న 512 దగ్గర ముగిసిందంటే, ఇవాళ అది 460.80 నుంచి 563.20 మధ్యే తిరగాలి. ఐదు పైసల మెట్లలో ఇది రెండు వేల చిల్లర ధరలు. అన్నిటికీ ఒక్కో గడి చొప్పున అర్రే పెట్టేస్తే హ్యాషూ వద్దు, ట్రీ కూడా వద్దు. ధరని గడి నంబరుగా మార్చడం ఒక్క భాగహారం, పక్క ధర అంటే పక్క గడి. హద్దులు తెలిసి, మెట్లు కొద్దిగా ఉన్నప్పుడు దీన్ని కొట్టింది లేదు. ఫ్యూచర్స్, ఆప్షన్లు నడిచే షేర్లకి ఇలాంటి స్థిరమైన హద్దు ఉండదు కాబట్టి అక్కడ ఈ పప్పులు సులువుగా ఉడకవు.

హ్యాష్‌కి ఇంకో బలహీనత ఉంది, వరసతో సంబంధం లేనిది. దాని వేగం సగటు మాట, హామీ కాదు. గడులు నిండినప్పుడు పట్టికని పెంచి, ఉన్నవాటినన్నిటినీ కొత్త గడుల్లోకి మార్చాలి. ఆ భారమంతా అప్పుడే వచ్చిన ఒక్క ఆర్డరు మీద పడితే దాని యజమానికి అది చాలా పెద్ద ఆలస్యం. 2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక భద్రతా సదస్సులో ఇద్దరు పరిశోధకులు మరో కోణం చూపించారు. ఒకే గడిలో పడేలా ఎంచిన పేర్లని వేలల్లో పంపి పీహెచ్‌పీ, జావా, పైథాన్ సర్వర్లని ఊపిరాడకుండా చెయ్యొచ్చని. ఆ తర్వాత చాలా భాషలు హ్యాష్ లెక్కలో రహస్య సంఖ్యని కలపడం మొదలుపెట్టాయి. 2014లో వచ్చిన జావా 8 చేసిన పని ముచ్చటగా ఉంటుంది. ఒక గడిలో మరీ ఎక్కువ మంది పోగైతే `HashMap` ఆ గడిని లోలోపల రెడ్-బ్లాక్ ట్రీగా మార్చేస్తుంది. హ్యాష్ టేబుల్ తన కష్టకాలంలో ట్రీనే ఆశ్రయించింది.

డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లకి ఈ ఎంపిక ఇండెక్స్ రూపంలో ఎదురవుతుంది. డిస్క్ మీద రెండేసి కొమ్మల ట్రీ పనికిరాదు, ఇరవై మెట్లంటే ఇరవై సార్లు డిస్క్ చదవాలి. 1970 ప్రాంతంలో బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించిన బీ-ట్రీలో ఒక్కో పేజీలో వందల కీలు పడతాయి. పేజీకి మూడు వందలనుకున్నా మూడు మెట్లలో రెండు కోట్ల డెబ్భై లక్షల రికార్డుల్ని చేరుకోవచ్చు. హ్యాష్ ఒకటి, ట్రీ ఇరవై అన్న తేడా ఇక్కడ దాదాపు కరిగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఏమీ చెప్పకుండా ఇండెక్స్ పెడితే బీ-ట్రీయే వస్తుంది. హ్యాష్ కావాలంటే అడిగి పెట్టించుకోవాలి. 2017లో వచ్చిన పదో వెర్షన్‌కి ముందు అక్కడి హ్యాష్ ఇండెక్స్ సర్వర్ అర్ధాంతరంగా ఆగిపోతే నమ్మదగినదిగా కూడా ఉండేది కాదు.

పొరపాటు ఇండెక్స్ పెట్టామో లేదో తెలుసుకోవడం తేలిక:

```sql
CREATE INDEX ON results USING hash (rank);
EXPLAIN SELECT * FROM results
 WHERE rank BETWEEN 10000 AND 12000;
```

జవాబులో `Seq Scan` అని వస్తే పోస్ట్‌గ్రెస్ పట్టిక మొత్తం చదవబోతోందని అర్థం. ఇండెక్స్ ఉంది, కానీ ఈ ప్రశ్నకి పనికిరాదు. `USING hash` తీసేసి మళ్లీ పెడితే `Index Scan` లేదా `Bitmap Index Scan` కనబడుతుంది. అయితే బీ-ట్రీ ఉన్నా ఒక్కోసారి `Seq Scan` అనే వస్తుంది. ఒకటి నుంచి రెండు లక్షల దాకా అడిగి, పట్టికలో ఉన్నదే రెండున్నర లక్షలైతే, ఇండెక్స్ చుట్టూ తిరగడం కంటే అంతా చదివెయ్యడమే చవకని ప్లానర్ లెక్కగట్టింది. అది తప్పు కాదు.

రెండు షరతులు కలిసినప్పుడు బీ-ట్రీలో కూడా ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోవాలి. కర్నూలు జిల్లాలో పది వేల నుంచి పన్నెండు వేల ర్యాంకుల వాళ్లు కావాలి. ఇండెక్స్‌ని `(district, rank)` అని పెడితే కర్నూలు వాళ్లంతా ఒక చోట, అందులో ర్యాంకుల వరసలో ఉంటారు. కావలసినవాళ్లు ఒకే ముక్కగా దొరుకుతారు. `(rank, district)` అని తిప్పి పెడితే అన్ని జిల్లాల రెండు వేల మందినీ చదివి, కర్నూలు వాళ్లని ఏరుకోవాలి. సమానం అని అడిగేది ముందు, ‘నుంచి... దాకా’ అని అడిగేది వెనక ఉండాలి.

మొదటి పద్ధతిలో పెట్టి, జిల్లా ఊసెత్తకుండా ర్యాంకుల పరిధి మాత్రమే అడిగితే కథ మళ్లీ తిరగబడుతుంది. ఆ ర్యాంకులు ప్రతి జిల్లా ముక్కలోనూ కొన్ని కొన్నిగా చెదిరి ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ ఇంతకాలం ఇలాంటప్పుడు ఇండెక్స్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివేది, లేదా వదిలేసేది. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి ఒక్కో జిల్లాలోకి దూకి, కావలసిన ర్యాంకుల ముక్క చదివి, తర్వాతి జిల్లాకి దూకడం నేర్చుకుంది. జిల్లాలు పదుల్లో ఉంటాయి కాబట్టి ఈ దూకుడు కలిసొస్తుంది. మొదటి కాలమ్‌లో జిల్లాకి బదులు లక్షల రకాలున్న హాల్ టికెట్ నంబరు ఉంటే మాత్రం ప్రతి దూకుకీ ఒక్క రికార్డే దక్కుతుంది. అప్పుడు ర్యాంకుకి విడిగా ఇంకో ఇండెక్స్ పెట్టక తప్పదు.